తమ్ముడికి వినపడదు: అడుగుల చప్పుడు తెర మీద చూపించే మల్టీప్లేయర్ గేమ్ ఏది కొనాలి?

సిరి_వరంగల్

మా తమ్ముడు ఇంటర్ సెకండియర్. చిన్నప్పటి నుంచే వినపడదు. మెషిన్ పెట్టుకుంటే ఏదో శబ్దం వచ్చిందని తెలుస్తుంది గానీ అది ఏ పక్క నుంచో తెలియదు, గేమ్ ఆడేటప్పుడు చిరాకని ఆ మెషిన్ కూడా తీసి బల్ల మీద పెట్టేస్తాడు. ఇన్నాళ్లూ ఫోన్‌లో బీజీఎంఐ ఆడాడు, బాగానే ఆడతాడు కూడా. ఇప్పుడు లాప్‌టాప్ వచ్చింది, ఫ్రెండ్స్‌తో కలిసి దాంట్లో ఆడేది ఒకటి కొనివ్వమంటున్నాడు.

ఒకసారి డబ్బులు పోయాయి. స్టోర్ పేజీలో సబ్‌టైటిల్స్ ఉన్నాయని రాసుంటే సరిపోతుంది అనుకుని ఒక షూటింగ్ గేమ్ కొన్నాం (పేరెందుకులెండి). తీరా చూస్తే కథలో మనుషులు మాట్లాడుకునే మాటలకే సబ్‌టైటిల్స్, ఆన్‌లైన్ మ్యాచ్‌లో మాత్రం వెనక నుంచి ఎవడొచ్చి కాల్చినా చచ్చాకే తెలుస్తుంది. వాడు రెండు రోజులు ఆడి మూసేశాడు.

అందుకే అడుగుతున్నా. అడుగులు, తుపాకీ మోతలు, హెచ్చరికలు కళ్లకి కనిపించేలా చూపించే గేమ్‌లు నిజంగా ఏమున్నాయి? మామూలు లాప్‌టాప్, పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఏమీ లేదు.

గోదారి గేమర్

వాలరెంట్ పెట్టించండి అక్కా, ఫ్రీ, మామూలు లాప్‌టాప్‌లో కూడా సాఫీగా నడుస్తుంది. మినీమ్యాప్‌లో అడుగుల చప్పుడుకి తెల్ల సర్కిల్ వస్తుంది, దాన్ని చూసి ఆడుకోవచ్చు. నేను స్పీకర్లు లేకుండానే ఆడేవాణ్ని కొన్నాళ్లు.

కళ్లతో_వింటా

గోదారి బ్రో, సర్కిల్ ఉన్న మాట నిజమే, కానీ అది ఎవరిది? నువ్వు పరిగెత్తినప్పుడు నీ చప్పుడు ఎంత దూరం వెళ్తుందో నీకు చూపించే సర్కిల్ అది. అవతలి టీమ్ వాడు నీ వెనక పరిగెత్తుకుంటూ వస్తే మ్యాప్ మీద ఏ సర్కిలూ రాదు. అంటే నేను చేసే చప్పుడు నాకు కనిపిస్తుంది, వాడు చేసేది కనిపించదు. నాకు కావాల్సింది రెండోది కదా.

ఇంకోటి, స్పైక్ అనే బాంబు పెట్టాక పైన ఉండే టైమర్ మాయమైపోతుంది. పేలడానికి 45 సెకన్లు. ఎంత టైమ్ మిగిలిందో బీప్ స్పీడ్‌ని బట్టి చెవులున్నవాళ్లు లెక్కేసుకుంటారు. డిఫ్యూజ్‌కి 7 సెకన్లు కావాలి, ఉన్న టైమ్ సరిపోతుందా లేదా అన్నది నేను మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ తేల్చుకోవాలి, ఆ లోపు ఎవడో ఎదురుపడితే లెక్క మర్చిపోతాను. ఆడే డెఫ్ వాళ్లు లేరని కాదు, ఉన్నారు, కానీ కష్టపడి ఆడతారు. సిరి గారి తమ్ముడికి మొదటి పీసీ గేమ్‌గా అయితే నేను చెప్పను.

గోదారి గేమర్

అవునా. నేను అవతలి వాళ్ల చప్పుడు కూడా వస్తుందనే ఇన్నాళ్లూ అనుకున్నా 😅 సరే వాలరెంట్ కొట్టేయండి.

పాత కంట్రోలర్

ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 తీసుకోండమ్మా. 2020లో వచ్చింది. వినికిడి లేనివాళ్ల కోసం దాంట్లో పెట్టినన్ని సెట్టింగులు నేను ఇంకెక్కడా చూడలేదు. శత్రువు మిమ్మల్ని పసిగడుతుంటే ఏ వైపు నుంచో తెర మీద గుర్తు వస్తుంది, సబ్‌టైటిల్‌కి ఎవరు మాట్లాడారో పేరుంటుంది, మాట ఏ వైపు నుంచో బాణం ఉంటుంది. నిక్షేపంలాంటి గేమ్.

సిరి_వరంగల్

థాంక్స్ అండీ, కానీ అది ఒక్కరే ఆడుకునేది కదా? వాడికి ఫ్రెండ్స్‌తో ఆడేది కావాలి.

పాత కంట్రోలర్

అవునమ్మా ఒక్కరే. హెడ్డింగ్ సగమే చదివాను. ఫ్రెండ్స్ లేనప్పుడు ఆడుకుంటాడులే, రాసి పెట్టుకోండి.

కళ్లతో_వింటా

సిరి గారూ, కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి. నాకూ చిన్నప్పటి నుంచి వినపడదు, ఈ గేమ్‌లన్నీ సౌండ్ పూర్తిగా తీసేసి ఆడినవాణ్ని.

మీ తమ్ముడు బీజీఎంఐ బాగా ఆడుతున్నాడన్నారు చూశారా, దానికో కారణం ఉంది. ఆ గేమ్ మినీమ్యాప్ మీద పాదం గుర్తు, తూటా గుర్తు, బండి గుర్తు వస్తాయి. మన కోసం పెట్టినవి కావవి. ఫోన్‌లో ఆడేవాళ్లలో సగం మంది బస్సులోనో క్లాసు వెనక బెంచీలోనో సౌండ్ లేకుండా ఆడతారు, ఫోన్ స్పీకర్‌లో ఎడమేదో కుడేదో తెలిసి చావదు, అందుకని పెట్టారు. ఫోర్ట్‌నైట్‌లో కూడా ఇదే కథ, 2018లో మొబైల్‌లోకి వచ్చినప్పుడు చప్పుళ్లకి గుర్తులు చూపించారు, ఆ తర్వాతే అది పీసీకీ కన్సోల్‌కీ వచ్చింది. అదే మొదటి నుంచీ పీసీలో పుట్టిన షూటింగ్ గేమ్‌లు చూడండి, ఆడేవాడికి మంచి హెడ్‌సెట్ ఉంటుందనే లెక్కలో తయారవుతాయి. వాటిలో చప్పుడు పసిగట్టడం కూడా ఒక ఆట కింద లెక్క. అందుకే పీసీ అనగానే ఎగబడి కొనకండి.

ఇక ఫోర్ట్‌నైట్. సెట్టింగుల్లో ఆడియో పేజీలో Visualize Sound Effects అని ఉంటుంది, ఆన్ చేయండి. ఆన్ చేశాక తెర మధ్యలో, మీ గురి చుట్టూ కనిపించని ఒక వలయం ఉందనుకోండి. వెనక కుడివైపు ఎవరైనా పరిగెడితే ఆ వలయంలో కింద కుడి పక్కన పాదం గుర్తు వెలుగుతుంది. మీరు కెమెరా అటు తిప్పుతుంటే ఆ గుర్తు వలయం మీద జారుతూ పైకి వస్తుంది, నడినెత్తికి వచ్చిందంటే మనిషి మీకు సూటిగా ఎదురుగా ఉన్నట్టు. దగ్గరైన కొద్దీ గుర్తు ముదురుతుంది. తుపాకీ పేలితే తుపాకీ బొమ్మ, దగ్గర్లో పెట్టె మెరుస్తుంటే పెట్టె బొమ్మ. మినీమ్యాప్ చూడడానికి కళ్లు మూలకి తిప్పనక్కర్లేదు, చూపు ఎక్కడుందో గుర్తు కూడా అక్కడే. బీజీఎంఐకీ దీనికీ అసలు తేడా అదే, నాలాంటివాడికి అది చాలా పెద్ద తేడా.

లోటు కూడా చెప్తాను. మెల్లగా వంగి నడిచేవాడు చప్పుడు చేయడు, చప్పుడు లేకపోతే గుర్తూ రాదు. అది అందరికీ ఒకటే కాబట్టి అన్యాయం ఏమీ లేదు. నాకు తంటా వచ్చేది మేడ ఇళ్లలో. వాడు నా అంతస్తులోనే పక్క గదిలో ఉన్నాడా, నా నెత్తి మీద ఉన్నాడా అన్నది గుర్తు చూసి చెప్పలేను. చెవులున్నవాళ్లు చప్పుడు తీరును బట్టి పోల్చుకుంటారట. నేనైతే మేడ ఇంట్లో ఉన్నప్పుడు గుర్తు కనిపిస్తే ముందు మెట్లకి గురి పెట్టి ఆగుతాను.

హెడ్‌షాట్ హరి

ఎవరూ తిట్టుకోవద్దు గానీ ఒక మాట. ఈ సెట్టింగ్ వినపడేవాళ్లు కూడా ఆన్ చేసుకుంటున్నారు. నేనూ చేశా. చెవులతో విని ఎటుందో ఊహించుకోవడం కన్నా తెర మీద గుర్తు చూడటం తేలిక. అంటే ఇది అందరి చేతిలో చీట్ లాంటిదే కదా? ర్యాంక్‌డ్ మ్యాచ్‌లో డెఫ్ వాళ్లకి మాత్రమే ఇవ్వాలి అని నా ఫీలింగ్.

టెస్టింగ్ తమ్ముడు

హరి అన్నా, డెఫ్ వాళ్లకి మాత్రమే అంటే ఎలా తేలుస్తావ్, సదరం సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయించుకుంటావా? 😂

నేను హైదరాబాద్‌లో గేమ్ టెస్టింగ్ చేస్తాను, ఇది మా దగ్గర తరచూ వచ్చే గొడవే. గేమ్ మెనూలో అందరికీ ఉన్న ఆప్షన్‌ని చీట్ అనలేం. కావాలంటే నువ్వూ ఆన్ చేసుకో, చేసుకున్నావు కూడా. అందరికీ ఇవ్వడంలో ఇంకో లాభం ఉంది. పది మందీ వాడుతుంటే ఏ అప్‌డేట్‌లోనో అది పాడైతే గోల గోల అయిపోతుంది, త్వరగా బాగుచేస్తారు. కొందరి కోసమే ఒక మూల పెట్టినవైతే నెలలకొద్దీ పాడై ఉన్నా పట్టించుకునేవాడు ఉండడు.

కానీ హరి అన్న పాయింట్‌లో కొంత నిజం లేకపోలేదు. బీజీఎంఐ కస్టమ్ రూమ్ పెట్టేటప్పుడు ఈ అడుగుల గుర్తులు తీసేసే వీలు నిర్వాహకులకి ఉంటుంది, పోటీల్లో తీసేస్తారు కూడా. సిరి అక్కా, మీ తమ్ముడు కాలేజీ టోర్నమెంట్‌కి వెళ్లేట్టయితే ముందే అడగమనండి, తీరా రూమ్‌లోకి వెళ్లాక మ్యాప్ ఖాళీగా కనిపిస్తే ఏమీ చేయలేడు.

సిరి_వరంగల్

అయ్యో! పోయినసారి కాలేజీ ఫెస్ట్‌లో వాడు ఘోరంగా ఓడిపోయి వచ్చాడు, మ్యాప్‌లో ఏదో తేడాగా ఉంది అన్నాడు, మేం సాకు చెప్తున్నాడు అనుకున్నాం. ఇదేనేమో.

ఒంటిచెవి

నాది వేరే కేసు. కుడి చెవి బాగానే ఉంది, ఎడమది బొత్తిగా లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఎడమ పక్క చప్పుళ్లన్నీ గాల్లో కలిసిపోతాయి. విండోస్‌లో Mono audio ఆన్ చేసుకోమన్నారు ఎవరో, చేశాను. ఇప్పుడు అన్నీ వినిపిస్తున్నాయి గానీ అన్నీ ఒకే చోట నుంచి వస్తున్నట్టు ఉంది. అడుగులు వినగానే టెన్షన్, ఎటు తిరగాలో తెలియదు. దీనికేమైనా సెట్టింగ్ ఉందా?

కళ్లతో_వింటా

ఒంటిచెవి గారూ, చెవితో దిక్కు తెలియాలంటే రెండు చెవులకీ వచ్చే తేడా కావాలి. మోనో ఆ తేడానే చెరిపేస్తుంది. కాబట్టి ఇంకే ఆడియో సెట్టింగూ దీన్ని తీర్చదు. మోనో అలాగే ఉంచి, చప్పుడు వచ్చిందని చెవితో తెలుసుకోండి, ఎటు నుంచో కంటితో చూడండి. అంటే మీకూ ఫోర్ట్‌నైట్ వలయమో బీజీఎంఐ గుర్తులో ఉన్న గేమే కావాలి. నిజం చెప్పాలంటే మీకు మా కన్నా మేలు, ఏం చప్పుడో చెవి చెప్తుంది, కన్ను దిక్కు చూసుకుంటే చాలు.

ఒంటిచెవి

ఇలా ఎవరూ విడమర్చి చెప్పలేదు ఇప్పటిదాకా. హెడ్‌ఫోన్లు మార్చి మార్చి డబ్బులు తగలేశాను.

డల్లాస్ నాన్న

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, రెండు చెవులకీ మెషిన్లు. తుపాకుల గేమ్‌లు మా ఇంట్లో వద్దు. మైన్‌క్రాఫ్ట్‌లో సబ్‌టైటిల్స్ ఉంటాయని స్కూల్లో వాళ్ల టీచర్ చెప్పింది. ఐప్యాడ్‌లో వెతికితే నాకు కనిపించలేదు. సిరి గారి తమ్ముడికి కూడా పనికొస్తుందేమో కదా?

టెస్టింగ్ తమ్ముడు

డల్లాస్ అన్నా, మీ టీచర్ చెప్పింది జావా ఎడిషన్ గురించి అయ్యుంటుంది, అది పీసీలో. ఐప్యాడ్‌లో ఉన్నది బెడ్‌రాక్, రెండూ వేరు. జావాలో Options లోకి వెళ్లి Accessibility Settings లో Show Subtitles ఆన్ చేస్తే తెర కుడి పక్కన కింద చిన్న నల్ల పెట్టెలో చప్పుళ్ల పేర్లు వరసగా పడతాయి. 2016లో వచ్చిన 1.9 వెర్షన్ నుంచీ ఉంది. మాటలకి కాదు, చప్పుళ్లకే. Footsteps, Door creaks, Creeper hisses ఇలా. ఒక్కొక్కటి కొన్ని సెకన్లు ఉండి మసకబారి పోతుంది.

బాణాలు చూసే పద్ధతి తెలియక చాలామంది తికమక పడతారు, కాబట్టి అది మాత్రం వివరంగా చెప్తా. మాటకి ఎడమ పక్క < ఉంటే చప్పుడు ఎడమ నుంచి, కుడి పక్క > ఉంటే కుడి నుంచి. ఏ బాణమూ లేకపోతే మీ ఎదురుగా ఉన్నట్టు. మరి వెనక నుంచి వస్తే? వెనక అనే గుర్తు లేదు, అప్పుడు కూడా ఎడమ బాణమో కుడి బాణమో ఏదో ఒకటి వస్తుంది. అంటే బాణం చూసి పక్కనే ఉంది అనుకోకూడదు. బాణం చూపించిన వైపుకి తిరుగుతూ ఉండాలి, అది మాయమైన చోట ఆగాలి, ఇప్పుడు చప్పుడు మీ ముందు ఉన్నట్టు. దగ్గరికొచ్చి పేలిపోయే క్రీపర్ విషయంలో ఇది ముఖ్యం, Creeper hisses అని పడ్డాక పేలడానికి సెకనున్నర టైమే. మా చెల్లికి నేర్పింది ఒకటే, ఆ మాట కనపడితే తిరిగి చూడొద్దు, ముందుకి పరిగెత్తు అని.

పైనా కిందా అన్నది ఇందులోనూ లేదు. గుహలో ఉన్నప్పుడు జాంబీ మూలుగుతోందని పడుతుంది, బాణం వైపు తిరిగితే రాతి గోడ, వాడేమో రెండు అంతస్తుల కింద ఇంకో గుహలో ఉంటాడు.

ఇంకోటి, Footsteps అని మాత్రమే వస్తుంది, ఎవరివో రాదు. మీ ఫ్రెండ్ నడిచినా ఆవు నడిచినా ఒకే మాట. నలుగురు ఒక ఇంట్లో తిరుగుతుంటే ఆ పెట్టె నిండా అడుగులే. కలిసి కట్టుకుని ఆడుకోవడానికి భేషుగ్గా పనికొస్తుంది. ఒకరినొకరు వేటాడే సర్వర్లలో మాత్రం వంగి నడిచేవాడి అడుగులు రావు, కాబట్టి దీన్నే నమ్ముకోలేరు.

డల్లాస్ నాన్న

థాంక్స్ తమ్ముడూ. అయితే దీనికోసం మళ్లీ కొనాలా? ఐప్యాడ్‌లో కొన్నది ఉంది కదా.

టెస్టింగ్ తమ్ముడు

పీసీకి వేరేగా కొనాలన్నా. పీసీలో ఇప్పుడు జావా, బెడ్‌రాక్ రెండూ కలిపే అమ్ముతున్నారు. కానీ కొనేముందు రెండు చూడండి. ఒకటి, జావాలో ఆడేవాళ్లూ బెడ్‌రాక్‌లో ఆడేవాళ్లూ ఒకే లోకంలో కలవలేరు, అంటే పాప ఫ్రెండ్స్ అందరూ ఐప్యాడ్‌లో ఉంటే తను సబ్‌టైటిల్స్ కోసం జావాకి వెళ్తే ఒంటరైపోతుంది. రెండు, జావాకి డెమో ఉంది, గేమ్ లోపలి లెక్కలో ఐదు రోజులు, మన గడియారంలో ఒక గంట నలభై నిమిషాలు. ఒక్కరే ఆడగలరు దాంట్లో, అయినా సబ్‌టైటిల్స్ పాపకి సరిపోతాయా, ఆ అక్షరాలు చదివేంత స్పీడ్ ఉందా అన్నది తేల్చుకోవడానికి అది చాలు.

రాత్రి డ్యూటీ

ఎవరూ డెడ్ బై డేలైట్ పేరెత్తలేదేంటి? ఒక హంతకుడు, జనరేటర్లు బాగుచేసి తప్పించుకోవాల్సినవాళ్లు నలుగురు. నాకు వినికిడి తక్కువ, మెషిన్ పెట్టుకున్నా సన్నని శబ్దాలు అందవు, నేను రోజూ ఆడేది ఇదే. హంతకుడు దగ్గరికి వస్తుంటే గుండె కొట్టుకునే శబ్దం వస్తుంది కదా, సెట్టింగుల్లో Visual Terror Radius ఆన్ చేస్తే ఆ గుండె తెర మీద బొమ్మగా కొట్టుకుంటుంది. చాలామంది హంతకులకి అది 32 మీటర్ల దూరంలో మొదలవుతుంది, దగ్గరికొచ్చేకొద్దీ కొట్టుకోవడం ఎక్కువవుతుంది.

గమనించాల్సింది ఏంటంటే దూరం చెప్తుంది గానీ దిక్కు చెప్పదు. అందుకు నేను చేసేది ఇదీ. గుండె మొదలవగానే జనరేటర్ వదలను, కెమెరా మాత్రం చుట్టూ తిప్పుతాను. హంతకుడి ముందు నేల మీద ఎర్రటి వెలుగు పడుతుంటుంది, గోడ మూల దాటి ముందు ఆ వెలుగే కనిపిస్తుంది, మనిషి తర్వాత. ఆ ఎరుపు ఏ సందులో కనిపిస్తే దానికి ఎదురు దారి పట్టుకుంటాను.

గోస్ట్ ఫేస్ లాంటివాళ్లు దొంగచాటుగా వచ్చేటప్పుడు గుండె ఉండదు, ఎర్ర వెలుగూ ఉండదు. అప్పుడు వినపడేవాళ్ల పనీ అంతే లెండి, కాకపోతే బట్టల చప్పుడో ఊపిరో వాళ్లకి కాస్త అందుతుంది, మనకి అదీ లేదు. జనరేటర్ బాగుచేసేటప్పుడు గుండ్రటి పరీక్ష వచ్చే ముందు కూడా టంగుమని ఒక శబ్దం వస్తుందట, నాకు అది ఎప్పుడూ తెలియదు, బొమ్మ కనపడ్డాకే బటన్ నొక్కుతాను. అలవాటైపోతుంది.

హంతకుడిగా ఆడటం మాత్రం మీ తమ్ముడికి వద్దని చెప్తా. గాయపడినవాళ్ల మూలుగులు విని వెతకాలి, దానికి బొమ్మ ఏమీ లేదు. నేల మీద ఎర్ర గీతలు చూస్తూ వెంటాడొచ్చు, అవి పరిగెత్తినవాళ్లకే పడతాయి. నక్కి కూర్చున్నవాడు ముక్కు కింద ఉన్నా దొరకడు.

సిరి_వరంగల్

రక్తం అదీ ఎక్కువ ఉంటుందా అందులో? అమ్మ చూస్తే నన్ను తిడుతుంది.

రాత్రి డ్యూటీ

ఉంటుంది. కొక్కేలకి వేలాడదీస్తారు మనుషుల్ని. పెద్దలకని రేటింగ్ ఉంది, తమ్ముడు మైనరైతే ఆగండి.

గోదారి గేమర్

ఇంకో ఐడియా. ఆసుస్ వాళ్ల కొన్ని రాగ్ లాప్‌టాప్‌లలో సోనిక్ రాడార్ అని వస్తుంది, ఏ గేమ్ అయినా సరే చప్పుడు ఎటు నుంచో తెర మీద రాడార్‌లా చూపిస్తుంది. అది ఉంటే గేమ్‌లో ఆప్షన్ లేకపోయినా పర్లేదు కదా? మానిటర్ చుట్టూ బిగించుకునే లైట్ పట్టీలు కూడా వస్తున్నాయి, ఆడియోరాడార్ అని. అది కొనేస్తే సమస్య మొత్తం తీరిపోతుంది.

కళ్లతో_వింటా

మొత్తం తీరదు బ్రో, కొంత తీరుతుంది. ఇవి గేమ్ లోపల ఏం జరుగుతుందో చూడవు, బయటికి వచ్చే సరౌండ్ సౌండ్‌ని తీసుకుని ఏ ఛానెల్‌లో గట్టిగా ఉందో దాన్ని వెలిగిస్తాయి. గేమ్ సరిగ్గా 7.1 పంపితేనే వెనక ముందు తేడా తెలుస్తుంది, ఉత్త స్టీరియో పంపితే ఎడమ కుడి తప్ప ఏమీ ఉండదు. పైగా నా సొంత అడుగులు, పక్కవాడి తుపాకీ, వాన, మ్యూజిక్ అన్నీ దానికి ఒకటే. నేను ఒక ఫ్రెండ్ లాప్‌టాప్‌లో చూశాను, నిశ్శబ్దంగా ఉన్నప్పుడు బ్రహ్మాండం, కాల్పులు మొదలయ్యాక రాడార్ అంతా వెలుగే, దేన్ని నమ్మాలో తెలియలేదు. వాడాలంటే ముందు గేమ్‌లో మ్యూజిక్ సున్నా చేయాలి. తెర మీద బయటి సాఫ్ట్‌వేర్ గీసే బొమ్మల్ని కొన్ని టోర్నమెంట్లు ఒప్పుకోవు, అదొకటి.

గేమ్ లోపల ఉన్నదానికి అది పాదమా తూటానా తెలుసు. బయట నుంచి చూసేదానికి తెలియదు.

టెస్టింగ్ తమ్ముడు

సిరి అక్కా, ఏది కొన్నా సరే డబ్బులు పోకుండా ఇలా చేయండి.

స్టీమ్‌లో కొంటే 14 రోజుల లోపు, ఆడిన టైమ్ 2 గంటలు దాటకపోతే అడగగానే డబ్బు వెనక్కి ఇస్తారు. ఎపిక్ స్టోర్‌లో కూడా ఇంచుమించు అంతే. ప్లేస్టేషన్ స్టోర్‌లో అలా కాదు, డౌన్‌లోడ్ మొదలుపెడితే చాలు మామూలుగా వెనక్కి రాదు, కాబట్టి కన్సోల్ మీద తెలియని గేమ్ కొని పరీక్షిద్దాం అనుకోవద్దు.

ఆ రెండు గంటల్ని కథకీ ట్యుటోరియల్‌కీ ఖర్చుపెట్టకండి. వాటిలో అన్ని హెచ్చరికలూ బొమ్మలతోనే చూపిస్తారు, అది చూసి బాగుందనుకుంటే మీకు మొదటిసారి జరిగినట్టే అవుతుంది. ముందు సెట్టింగులు తెరిచి ఆడియో, యాక్సెసిబిలిటీ రెండు పేజీలూ చదవండి. సబ్‌టైటిల్స్ అన్న మాట దొరికితే సంబరపడొద్దు, మాటలకా చప్పుళ్లకా అన్నది కింద రాసుంటుంది. ఆ తర్వాత తమ్ముడి ఫ్రెండ్‌ని ఒకణ్ని పిలిచి ప్రైవేట్ మ్యాచ్ పెట్టండి. తమ్ముడు గోడకేసి చూస్తూ నిలబడాలి. ఫ్రెండ్ ముందు వెనక నుంచి పరిగెత్తుకు రావాలి, తర్వాత అదే దారిలో మెల్లగా వంగి నడిచి రావాలి, తర్వాత మేడ మీద తిరగాలి, చివరికి దూరం నుంచి ఒక తూటా కాల్చాలి. ప్రతిసారీ ఫ్రెండ్ ఎటు ఉన్నాడో తమ్ముడు వేలు పెట్టి చూపించాలి. అరగంట పని. పరిగెత్తుకు వచ్చింది కూడా కనిపెట్టలేకపోతే వెంటనే వెనక్కి పంపించేయండి, ఇంకో గంట ఆడితే అలవాటవుతుంది అనుకుని రెండు గంటలు దాటించొద్దు.

ఇంకో సంగతి. నలుగురు కలిసి ఆడేటప్పుడు అసలు ఇబ్బంది అడుగులతో కాకపోవచ్చు, పక్కవాళ్లు వాయిస్ చాట్‌లో అరుచుకుంటుంటే వీడికి ఏమీ తెలియకపోవడం. 2019లో ఎపెక్స్ లెజెండ్స్ వచ్చినప్పుడు ఒక బటన్ నొక్కి శత్రువు ఇక్కడ, తుపాకీ ఇక్కడ అని గుర్తు పెట్టే పద్ధతి బాగా పేరు తెచ్చుకుంది, ఇప్పుడు ఫోర్ట్‌నైట్‌లో కూడా ఉంది. ఫ్రెండ్స్‌తో ఒకటే ఒప్పందం పెట్టుకోమనండి, నోటితో చెప్పింది ఏదైనా బటన్ కూడా నొక్కాలి అని. వాళ్లు వింటారా అన్నది వేరే సంగతి.

హెడ్‌షాట్ హరి

వినరు. నా స్క్వాడ్‌లో ఒకడికి తెలుగే సరిగ్గా రాదు, వాడు మార్క్ చేయడు, నోటితోనూ చెప్పడు 😂

సరే, ర్యాంక్‌డ్ గురించి నా మాట వెనక్కి తీసుకోను గానీ సిరి గారి తమ్ముడు ఫోర్ట్‌నైట్‌లోకి వస్తే నాతో ఆడొచ్చు, మార్క్ చేస్తా. సెట్టింగుల్లో మ్యాచ్‌మేకింగ్ రీజియన్ దగ్గర ఒక్కో దానికి పింగ్ అంకె కనిపిస్తుంది, తక్కువ ఉన్నది పెట్టుకోమనండి. గుర్తు కనిపించి తిరిగే లోపే చనిపోతుంటే తప్పు కళ్లది కాదు, పింగ్‌ది.

సిరి_వరంగల్

అందరికీ చాలా థాంక్స్. రాత్రి తమ్ముడికి ఈ పోస్టులన్నీ చూపించాను, వాడే చదువుకున్నాడు. ఫోర్ట్‌నైట్ ఎలాగూ ఫ్రీ కాబట్టి అది దింపి టెస్టింగ్ తమ్ముడు చెప్పినట్టే చేశాం, పక్కింటి అబ్బాయిని వాళ్లింటి నుంచి ఆడమని. వెనక నుంచి పరిగెత్తింది ప్రతిసారీ పట్టుకున్నాడు. వంగి నడిచి వచ్చింది ఒక్కసారి కూడా పట్టుకోలేదు, అది ఎవరికైనా అంతే అన్నారు కాబట్టి సరే. మేడ ఇంట్లో మాత్రం వీడు తలుపు వైపు తిరిగి నిలబడితే వాడు పైనుంచి మెట్లు దిగి వచ్చాడు. లాప్‌టాప్ వేడెక్కుతోంది, గ్రాఫిక్స్ బాగా తగ్గించాకే సాఫీగా నడిచింది.

వాడి ఫ్రెండ్స్ నలుగురిలో ఇద్దరు ఫోన్ వదిలి రామంటున్నారు. ఆండ్రాయిడ్‌లో కూడా ఎపిక్ స్టోర్ నుంచి ఫోర్ట్‌నైట్ పెట్టుకోవచ్చని చూశాను, వాళ్ల ఫోన్లలో నడుస్తుందో లేదో ఆదివారం చూస్తాం. కొనాలనుకున్న డబ్బుతో ఏం చేయాలో వాడే చెప్పాడు, మైన్‌క్రాఫ్ట్ జావా డెమో ఆడి నచ్చితే అదట.

మేడ మీద ఎవరున్నారో కనిపెట్టడానికి ఎవరి దగ్గరైనా ఉపాయం ఉంటే చెప్పండి, వాడికి అదే పట్టుకుంది ఇప్పుడు.

ఒంటిచెవి

నేను మెట్ల మీద గోడ కట్టేస్తా. పగలగొడితే గోడ దెబ్బతినడం కనిపిస్తుంది.

కళ్లతో_వింటా

బిల్డింగ్ ఉన్న మోడ్‌లో అయితే అదే బెస్ట్. జీరో బిల్డ్‌లో పనికిరాదు, అక్కడ నేను మేడ ఇళ్లలోకి వెళ్లడమే మానేశాను. ఎవరైనా వెళ్తూ గెలుస్తుంటే చెప్పండి, నేనూ నేర్చుకుంటా.